మధ్యలో మాట్లాడే మనిషి

కుట్టుమిషన్ల మెకానిక్కుకి గట్టిగా మాట్లాడే అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. రెండేళ్ల కిందట మొదలైంది. ముందు ఫోను మోగడం వినిపించలేదు, తర్వాత స్టీలు గ్లాసు కింద పడ్డా తల తిప్పలేదు, ఆ తర్వాత కూతురు పక్క గదిలోంచి పిలిస్తే పలకడం మానేశాడు. చెవుల డాక్టరు ఒక కాగితం మీద గీత గీసి చూపించింది. ఆ గీత ఎడమ నుంచి కుడికి మెట్లు దిగినట్టు దిగుతూ పోయింది. "ఇంకా దిగుతుంది, ఆపలేం" అంది. మెకానిక్కు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన జీవితంలో అంతసేపు మౌనంగా ఉండడం అదే మొదటిసారి.

మర్నాడు మాత్రం షాపు షట్టరు ఎత్తుతూనే కూతుర్ని పిలిచాడు. "నా బుర్రలో ఉన్న చప్పుళ్లన్నీ ఫోన్లో ఎక్కించేద్దాం. నాకు వినిపించకపోయినా ఇంకెవరికైనా వినిపిస్తాయి కదా!" అన్నాడు.

ఎందుకంటే మిషను జబ్బు ఆయన కనిపెట్టేది చెవితోనే. మిషను తెచ్చినవాళ్లు సమస్య చెప్పబోతే, "మీరు చెప్పొద్దు, దాన్నే చెప్పనివ్వండి" అని చక్రం తిప్పేవాడు. సూది వంగి ప్లేటుకు తగిలితే ఒక చప్పుడు, కింద దారపు కండెను పట్టుకునే షటిల్ నూనె లేక ఎండిపోతే ఒకటి, లోపలి కడ్డీ అరిగి వదులైతే ఇంకొకటి. ఆ చప్పుళ్లు పుస్తకాల్లో లేవు. ఉన్నవల్లా ఆయన చెవుల్లో ఉన్నాయి, ఆ చెవులేమో మూసుకుపోతున్నాయి.

అలా ఎనిమిది నెలల్లో ముప్ఫై ఎనిమిది వీడియోలు తయారయ్యాయి. బాగున్న మిషన్లను పనిగట్టుకుని పాడుచేసి, ఒక్కో వీడియోలో ఒక్కో చప్పుడు వినిపించాడు. వీడియో చూసేవాళ్లు ఆయన్ని సూది తాత అనడం మొదలుపెట్టారు. ఆయనకు ఆ పేరు తెగ నచ్చింది. ఆయనకున్న ఒకే ఒక్క లోపమేమిటంటే నోరు మూసుకోలేకపోవడం. "ఇదిగో, వినండి" అంటాడు, చక్రం తిప్పుతాడు, తిప్పుతూనే, "విన్నారా, అదిగో మళ్లీ, ఈ టక్కు తర్వాత చిన్న గరగర ఉంది చూశారూ..." అని వాగుతూనే ఉంటాడు. వినిపించడం తగ్గేకొద్దీ ఆ నిశ్శబ్దమంటే ఆయనకు భయం పట్టుకుంది, దాన్ని మాటలతో నింపేసేవాడు. అది అప్పట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు.

కూతురు షాపులోనే వెనక బల్ల దగ్గర కూర్చుని ఛానెల్ పనంతా చూసేది. తండ్రితో మాట్లాడాలంటే పలక మీద రాసేది. ఆయన చదివి, వీధి చివరికి వినిపించేలా జవాబు చెప్పేవాడు. పక్క షాపులో టీ తాగేవాళ్లకు తండ్రి జవాబులే తప్ప కూతురి ప్రశ్నలు తెలిసేవి కావు. అయినా వాళ్లకు కాలక్షేపానికి లోటు ఉండేది కాదు.

ఛానెల్ లెక్కలు చూస్తే ఒక విచిత్రం బయటపడింది. చూసేవాళ్లలో సగం మందికి మన భాష రాదు. స్పానిష్, పోర్చుగీసు, అరబ్బీ, ఇండోనేషియా భాషల వాళ్లు ఆయన చేతుల్ని చూస్తూ, మాటలు అర్థంకాక కింద ప్రశ్నలు రాస్తున్నారు. అందుకని నాలుగు భాషల్లోనూ పేరు, వివరణ, గొంతు అన్నీ పెట్టాలని నిర్ణయించారు. పేర్లూ వివరణలూ అనువాదకులే రాసిచ్చారు, గొంతూ వాళ్లే ఇచ్చారు. ఆ గొంతుల్ని వీడియోలో టైముకు తగ్గట్టు అమర్చి, శుభ్రం చేసే పని బావకు అప్పగించారు.

బావ అంటే మేనమామ కొడుకు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో ఉంది. గోడలకు చప్పుడు పీల్చుకునే ఫోము దిమ్మలు అంటించిన చిన్న గది అది. అతనికి చప్పుడంటే పడదు. రికార్డింగులో ఫ్యాను తిరిగినా, కుర్చీ కిర్రుమన్నా తుడిచి పారేసేదాకా నిద్రపోడు. "చూడు మరదలా, ఎంత క్లీనుగా ఇచ్చానో. ఈగ రెక్క కూడా వినపడదు" అని మురిసిపోతూ నూట యాభై రెండు ఫైళ్లు ఇచ్చాడు.

ఆమె ఒక్కో వీడియో తెరిచి, అనువాదాల పేజీలో భాష జోడించి, పేరు అతికించి, వివరణ అతికించి, ఆ పక్కనే ఆడియో ఎక్కించింది. ఫైలు నిడివి వీడియో నిడివితో సరిపోయిందో లేదో ప్రతిసారీ చూసుకుంది. ఒకరోజు మన భాషలో ఒక పేరు మార్చి, మిగతా భాషల్లో అదే మారుతుందనుకుని ఊరుకుంది. రెండు రోజుల తర్వాత చూస్తే నాలుగు భాషల్లోనూ పాత పేరే ఉంది. అసలుది మారిస్తే అనువాదాలు వాటంతటవి మారవు. ఒక్కోదాన్నీ తెరిచి మార్చుకోవాల్సిందే. "నలుగురు పిల్లల్ని ఒకేసారి బడికి తయారుచేసినట్టుంది" అని విసుక్కుంది కానీ, లోలోపల గర్వంగానే ఉంది. తండ్రి చేతులు ఇప్పుడు ఐదు భాషలు మాట్లాడుతున్నాయి మరి.

"నా నోరు ఆడుతుంటే ఇంకెవడి గొంతో వస్తుందా?" అని అడిగాడు మెకానిక్కు.

ఆమె పలక మీద "అవును" అని రాసింది.

"వాడు నాకన్నా బాగా మాట్లాడతాడా?"

"తక్కువ మాట్లాడతాడు" అని రాసింది. ఆయన పగలబడి నవ్వాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం ఆమె పాత కామెంట్లకు జవాబులు రాస్తూ, స్పానిష్‌లో ఉన్న ఒకదాని కింద అనువాదం నొక్కింది. ఎక్కడో బట్టలు కుట్టే చిన్న కార్ఖానాలో పనిచేసే మనిషి రాసింది. "తాత వినండి అంటాడు. ఆ తర్వాత ఏమీ వినిపించదు. ఏడుసార్లు పెట్టి చూశాను. ముందు ఫోను పాడైందనుకున్నాను. ఇప్పుడు నా చెవులే పాడయ్యాయేమోనని భయంగా ఉంది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఎవరైనా చెప్పండి, అక్కడ చప్పుడు ఉందా?"

ఆమె వెంటనే ఆ వీడియో తెరిచింది. ఆమె ఫోను మన భాషలో ఉంది కాబట్టి ఎప్పటిలాగే తండ్రి గొంతు, మిషను చప్పుడు వచ్చాయి. తెరమీద సెట్టింగుల గుర్తు నొక్కి, ఆడియో ట్రాకుల్లో స్పానిష్ ఎంచుకుంది. కొత్త గొంతు చక్కగా మొదలైంది. ఎక్కించిన రోజున ఆమె విన్నది ఈ మొదటి నిమిషమే. నాలుగో నిమిషంలో ఆ గొంతు "వినండి" అంది. తెరమీద తండ్రి చేయి చక్రం తిప్పుతోంది, సూది పైకీ కిందికీ ఆడుతోంది, తండ్రి పెదాలు ఆడుతున్నాయి. చప్పుడు లేదు. ఈగ రెక్క కూడా వినపడలేదు.

పోర్చుగీసు పెట్టింది, అంతే. అరబ్బీ పెట్టింది, అంతే. ముప్ఫై ఎనిమిదింటిలోనూ అంతే.

స్టూడియోకు వెళ్లేసరికి బావ హెడ్‌ఫోన్లు మెడకు వేలాడేసుకుని ఉన్నాడు. "అదేంటి మరదలా, నువ్వు గొంతులు శుభ్రం చేసి ఇమ్మన్నావు, ఇచ్చాను. మిషను కూడా కలపమని ఎవరన్నారు?"

"కింద అసలుది ఎలాగూ వస్తుంది కదా, దానిమీద గొంతు వస్తుందనుకున్నాను బావా. టీవీలో విదేశీయులు మాట్లాడితే కింద వాళ్ల గొంతు వినిపించినట్టు."

"అట్లా రాదు. వేరే ట్రాక్ అంటే పూర్తిగా వేరే. అది పెట్టగానే పాతది మొత్తం పోతుంది. గొంతు, మిషను, రోడ్డు మీద హారను, అన్నీ. వినిపించాల్సినవన్నీ ఆ ఒక్క ఫైల్లోనే ఉండాలి." బావ ఆమె మొహం చూసి, గొంతు తగ్గించాడు. "ఏం కాదులే. అసలు దాంట్లోంచి మిషను చప్పుడు కోసుకొచ్చి ఇందులో అతికిద్దాం. ఎంతసేపు?"

చాలాసేపే పట్టింది, ఎందుకంటే కోసుకోవడానికి ఏమీ లేదు. మిషను తిరిగిన ప్రతిచోటా మెకానిక్కు మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్క సెకను, రెండు సెకన్లు, అంతకుమించి ఆ నోరు మూతపడలేదు. గొంతునూ చప్పుళ్లనూ విడదీసే సాఫ్ట్‌వేరు పెట్టి చూశాడు బావ. గొంతు పోయింది, దాంతోపాటు చప్పుడులో పదునూ పోయింది. ఆ టక్కు నోట్లోంచి వచ్చిందో మిషనులోంచి వచ్చిందో దానికి తెలియక రెండూ తీసేసింది. మిగిలింది నీళ్లలో మునిగిన మిషను చప్పుడు. రెండో సాఫ్ట్‌వేరు పెడితే టక్కు మిగిలింది కానీ, వెనకాల మెకానిక్కు గొంతు గుసగుసలాడుతూ ఉండిపోయింది. సాయంత్రానికి బావ చేతులెత్తేశాడు.

"అంతా ఒకే మైకులో పడింది మరదలా. ఉడికిన పప్పులోంచి ఉప్పు తీయమంటే ఎట్లా?"

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడిచింది కూడా. ఫ్యాను కూడా కట్టేసి ఉన్న ఆ గదిలో ఆమె ఏడుపు మరీ స్పష్టంగా వినిపించింది. బావ మంచినీళ్ల సీసా ఆమె వైపు జరిపాడు.

ఇక ఉన్నది ఒకటే దారి. మిషను తిరిగే చోట్ల కొత్త గొంతుని ఆపేసి, అసలు చప్పుణ్ణి ఉన్నది ఉన్నట్టు పెట్టడం. తండ్రి వాగుడుతో సహా. చప్పుడు అయిపోయాక మళ్లీ కొత్త గొంతు వచ్చి అర్థం చెబుతుంది. అలాగే చేశారు. ఒక్కో వీడియోలో ఒక్కో భాష ట్రాకు తీసేసి, కొత్తది ఎక్కించి, అది సిద్ధమయ్యేదాకా ఆగి, చివరిదాకా విని, అప్పుడు రెండోదానికి వెళ్లింది. పదకొండు రోజులు పట్టింది. ఆ స్పానిష్ మనిషికి మొదట జవాబు రాసింది. "మీ చెవులు బాగానే ఉన్నాయి. తప్పు మాది. క్షమించండి."

పన్నెండో రోజు ఆ మనిషి నుంచి జవాబు వచ్చింది. అది ముందు చదివింది మెకానిక్కే. కూతురు బ్యాంకు పని మీద బయటికెళ్లినప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని, అనువాదం ఎక్కడ నొక్కాలో తెలిసినవాడు కాబట్టి నొక్కాడు. ఆమె తిరిగొచ్చేసరికి కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని కూర్చుని ఉన్నాడు. తెర మీద ఇలా ఉంది. "చాలా సంతోషం, ఇప్పుడు చప్పుడు వస్తోంది. కానీ మధ్యలో ఎవరో మనిషి మాట్లాడుతున్నాడు. ఆయన వల్ల సరిగ్గా వినపడటం లేదు. దయచేసి ఆయన్ని తీసేయగలరా?"

కూతురు పలక అందుకుంది.

"నిజమే కదమ్మా," అన్నాడు మెకానిక్కు. ఆ మాట మాత్రం మెల్లిగా అన్నాడు. "వినమని నేనే చెప్పి, విననివ్వకుండా నేనే అడ్డం పడ్డాను. ఆ కాసేపు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది."

లేచి నిలబడ్డాడు. "మళ్లీ తీద్దాం. ఈసారి కిక్కురుమనను. ఫోను పెట్టు."

మూలనున్న నల్ల మిషను లాగాడు. ముందు అన్నిటికంటే కష్టమైనది తీయాలన్నాడు. లోపలి కడ్డీ వదులైన చప్పుడు. షటిల్ వదులైన చప్పుడూ ఇంచుమించు అలాగే ఉంటుంది, తేడా పట్టుకోలేక చాలామంది షటిల్ విప్పేసి, బాగున్నదాన్ని పాడుచేసుకుంటారు. ఆ కడ్డీని పట్టి ఉంచే మరను ఎంత వదులు చేయాలో ఆయన ఇదివరకు చెవితో చూసుకునేవాడు. ఇప్పుడు ఎడమ చేతి వేళ్లు మిషను మీద ఆన్చి, కుడిచేత్తో స్క్రూడ్రైవరు పావు మలుపు తిప్పాడు. పెదాలు బిగించాడు. చక్రం తిప్పాడు.

షాపులో మిషను చప్పుడు ఒక్కటే ఉంది. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ ఆ షాపులో అంత నిశ్శబ్దంగా మిషను తిరగడం వినలేదు. ఆయన తిప్పడం ఆపి, కనుబొమలెగరేసి ఆమె వంక చూశాడు. ఇదేనా?

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాత వీడియో విన్నది. దాంట్లో "విన్నారా, కడ్డీ ఇది, షటిల్ కాదు, బాగా వినండి" అంటూ తండ్రి గొంతు. దాని వెనకాల ఏదో టక్కు. హెడ్‌ఫోన్లు తీసేసి చెయ్యి ఊపింది, ఆయన మళ్లీ తిప్పాడు. ఇదీ టక్కే. అదే టక్కా? ముప్ఫై నాలుగేళ్లు ఈ చప్పుళ్ల మధ్యే పెరిగింది, ఒక్కరోజైనా చెవి పెట్టి వినలేదు. నాన్న ఉన్నాడు కదా అనుకుంది.

మెకానిక్కు ఇంకో పావు మలుపు తిప్పాడు. మళ్లీ చూశాడు. పరీక్ష ఫలితం కోసం గోడ దగ్గర నిలబడ్డ పిల్లాడి చూపు అది. ఆమెకు ఊ అనేయాలనిపించింది. తల ఊపితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది. కానీ ఎక్కడో ఎవరో ఆ తప్పు చప్పుడు నమ్మి, బాగున్న షటిల్ విప్పేసుకుంటారు. సూది తాత చెప్పాడని విప్పుకుంటారు.

పలక మీద రాసింది. "నాకు తెలియట్లేదు నాన్నా."

ఆయన చదివాడు. పలకను మోచేత్తో తుడిచి ఆమెకు తిరిగిచ్చాడు. "నాకూ అంతేనమ్మా" అన్నాడు. మరను మళ్లీ బిగించి, దానికో చుక్క నూనె వేసి, గుడ్డతో తుడిచాడు.

మర్నాడు ఆమె ముప్ఫై ఎనిమిది వీడియోల వివరణల్లోనూ పైన ఒక మాట చేర్చింది. అనువాదకుల చేత నాలుగు భాషల్లోకీ రాయించి, ఒక్కోదాన్నీ తెరిచి అతికించింది. "మధ్యలో మాట్లాడే మనిషే సూది తాత. ఈ చప్పుళ్లు తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన్ని తీసేస్తే చప్పుడు కూడా పోతుంది. ఆయనకు ఇప్పుడేమీ వినిపించదు, అందుకే మళ్లీ రికార్డు చేయలేం. ఓపిగ్గా వినండి."

మన భాషలో చూసేవాళ్లకు ఇదంతా అవసరం లేదు. అయినా ఒక్క భాషను వదిలేయడం ఎందుకని అక్కడా పెట్టింది. మెకానిక్కు సాయంత్రం అది చదివాడు. వేలితో ఒక్కో వాక్యం కింద గీత గీసినట్టు చదివి, నాలుగోదాని దగ్గర ఆగాడు.

"అంతా బాగుందమ్మా. ఇదొక్కటి మార్చు. ఏమీ వినిపించదని రాశావు. ఇంకా కొంచెం వినిపిస్తుంది."

ఆ రోజు పొద్దునే ఆయన వెనక ఒక మిషను తల బల్లమీంచి జారి నేలమీద పడింది. పక్క షాపువాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆయన తల తిప్పకుండా సూదుల డబ్బా సర్దుకుంటూనే ఉన్నాడు.

ఆమె అలాగేనని తలూపింది. ఆయన చూస్తుండగానే ఆ వాక్యం చెరిపి, "ఆయనకు ఇంకా కొంచెం వినిపిస్తుంది" అని రాసి, సేవ్ నొక్కింది. ఆయన తృప్తిగా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇక మిగతా భాషల్లోనూ అదే మారిపోతుంది కదా?" అని అడిగాడు.

ఆమె పలక మీద "అవును" అని రాసి చూపించింది. మిగతా నాలుగింటినీ ముట్టుకోలేదు.